ఉష్ణోగ్రత మారకుండా వాయువు వ్యాకోచిస్తే పని, వేడి ఎలా లెక్కకట్టాలి

థర్మోడైనమిక్స్ పాఠం మొదలైతే చాలు, పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రెండు. "ఉష్ణోగ్రత మారలేదంటున్నారు కదా, మరి వేడి ఎందుకు లోపలికి వస్తోంది?" అనేది ఒకటి. "ఆన్సర్‌కి మైనస్ పెట్టాలా, ప్లస్ పెట్టాలా?" అనేది రెండోది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నా, ఎంసెట్ తర్వాత వచ్చిన ఎప్‌సెట్‌కి చదువుతున్నా, డిగ్రీ కెమిస్ట్రీలో ఉన్నా ఈ రెండింటి దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ఒకే ఒక్క లెక్క తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తున్నాను. పక్కన కాగితం పెట్టుకుని మీరూ వేస్తూ చదవండి.

లెక్క ఇది: 8 గ్రాముల హీలియం 27°C దగ్గర 5 లీటర్ల ఘనపరిమాణంలో ఉంది. ఉష్ణోగ్రత మారకుండా, రివర్సిబుల్‌గా 20 లీటర్లకు వ్యాకోచించింది. వాయువు చేసిన పని ఎంత? పీల్చుకున్న వేడి ఎంత?

హీలియంనే ఎందుకు తీసుకున్నానంటే, గది ఉష్ణోగ్రత దగ్గర ఈ పీడనాల్లో అది దాదాపు ఆదర్శ వాయువులాగే నడుచుకుంటుంది. కాబట్టి ఈ జవాబు నిజం హీలియానికి కూడా చాలా దగ్గరగా ఉంటుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఫార్ములా ఒక్కటే. దాన్ని రెండు రకాలుగా రాస్తారు:

```
w = -nRT ln(V2/V1)
w = -2.303 nRT log(V2/V1)
```

ఇందులో ln అంటే సహజ లాగరిథమ్, log అంటే ఆధారం 10 ఉన్నది. పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి log 2 = 0.3010, log 3 = 0.4771 అనే రెండు విలువలు నోటికి రావాలి. వీటితో 4, 6, 8, 9 అన్నీ వచ్చేస్తాయి. 10ని 2తో భాగిస్తే 5 కాబట్టి log 5 = 1 - 0.3010 = 0.6990.

R విలువ మీకు జవాబు ఏ ప్రమాణంలో కావాలో దాన్ని బట్టి ఎంచుకోండి. జౌళ్లలో కావాలంటే 8.314 J/(K·mol). లీటర్ అట్మాస్ఫియర్లలో కావాలంటే 0.0821. క్యాలరీల్లో కావాలంటే 1.987, దీన్నే చాలాచోట్ల 2 అని వేసేస్తారు. ఏది వేశారో ఆ ప్రమాణాన్ని పక్కనే రాసుకోండి. చివరికి వచ్చిన అంకె జౌళ్లా, క్యాలరీలా అని తడుముకునే పని తప్పుతుంది.

1. ఈ ఫార్ములా ఇక్కడ పనికొస్తుందా అని చూడండి

ప్రశ్నలో మూడు విషయాలు ఉండాలి: ఆదర్శ వాయువు, ఉష్ణోగ్రత స్థిరం, రివర్సిబుల్. ఈ మూడింటిలో ఎక్కువమంది చూడకుండా దాటేసేది మూడోదాన్నే. "ఐసోథర్మల్" అన్న మాట కనబడగానే 2.303 రాయడం మొదలుపెడతారు. ప్రశ్నలో "స్థిర బాహ్య పీడనం" అని ఉంటే ఈ ఫార్ములా పనికిరాదు. "శూన్యంలోకి వ్యాకోచించింది" అని ఉన్నా పనికిరాదు. ఆ రెండింటికీ ఏం చేయాలో కింద చెప్తాను.

రివర్సిబుల్ అంటే ఏమిటో మాత్రం ఒక్క క్షణం ఊహించుకోండి. నిట్టనిలువు సిలిండర్‌లో హీలియం, దాని మీద ఘర్షణ లేని పిస్టన్, పిస్టన్ మీద ఇసుక కుప్ప. ఒక్కో రేణువునే తీస్తూ పోతే పిస్టన్ వెంట్రుకవాసి చొప్పున పైకి లేస్తుంది. ప్రతి క్షణంలోనూ లోపలి పీడనం, బయటి పీడనం దాదాపు సమానం. తీసిన రేణువును తిరిగి పెడితే పిస్టన్ వెనక్కి వస్తుంది. బయటి పీడనం ఒకే విలువ దగ్గర నిలబడదు, వాయువు పీడనంతో పాటే తగ్గుతూ పోతుంది. లాగరిథమ్ వచ్చింది అందుకే. బయటి పీడనం స్థిరంగా ఉండి ఉంటే మామూలు గుణకారంతో పని అయిపోయేది.

2. గ్రాములను మోల్‌లుగా, సెల్సియస్‌ను కెల్విన్‌గా మార్చండి

హీలియం మోలార్ ద్రవ్యరాశి 4 g/mol. 8 గ్రాములు అంటే 2 మోల్‌లు. ఉష్ణోగ్రత 27 + 273 = 300 K.

వాయువు మారినప్పుడు ఇక్కడ జాగ్రత్త. హీలియం అణువులో ఉన్నది ఒకే పరమాణువు కాబట్టి 4. ఆక్సిజన్‌కు 32, నైట్రోజన్‌కు 28 వేయాలి. ఆక్సిజన్‌కు 16 వేస్తే మోల్‌లు రెట్టింపవుతాయి, జవాబూ రెట్టింపవుతుంది.

27ను అలాగే వేసేయడం ఇంకో తప్పు. అప్పుడు 6.9 కిలోజౌళ్లు రావాల్సిన చోట 0.62 కిలోజౌళ్లు వస్తుంది. అంకె చూస్తే అనుమానం కలగదు, అదే దీంతో చిక్కు. ప్రశ్నలో పీడనం కూడా ఇచ్చి ఉంటే పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి, ఆ విలువ nRTకి సరిపోతుందో లేదో చూడండి. పీడనం ఇవ్వకపోతే T అని రాసిన ప్రతిచోటా పక్కన K రాసే అలవాటు చేసుకోవడమే మార్గం.

3. నిష్పత్తి తీయండి

```
V2/V1 = 20/5 = 4
```

రెండు ఘనపరిమాణాలూ ఒకే ప్రమాణంలో ఉంటే చాలు. లీటర్లను ఘనపు మీటర్లలోకి మార్చనక్కర్లేదు, పైనా కిందా కొట్టుకుపోతాయి. కానీ ఒకటి లీటర్లలోనూ ఇంకొకటి మిల్లీలీటర్లలోనూ ఇచ్చి ఉంటే ముందు దాన్ని సరిచేయండి.

ఘనపరిమాణాలకు బదులు పీడనాలు ఇస్తే నిష్పత్తి తిరగబడుతుంది. ఉష్ణోగ్రత స్థిరం కాబట్టి బాయిల్ నియమం ప్రకారం V2/V1 = P1/P2. మొదటి పీడనం పైన, చివరి పీడనం కింద. ఇది గుర్తుండకపోతే ఇలా చూసుకోండి: వ్యాకోచం జరిగిందంటే లాగ్ లోపలి అంకె 1 కంటే ఎక్కువ ఉండాలి. మీకు 1/4 వచ్చిందంటే తలకిందులుగా వేశారు.

4. ముందు nRT, తర్వాత లాగ్

అన్నీ ఒకేసారి గుణించకండి. nRTని విడిగా కట్టి పక్కన పెట్టుకోండి, అది మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

```
nRT = 2 × 8.314 × 300 = 4988.4 J
ln 4 = 2.303 × 0.6020 = 1.386
nRT ln 4 = 4988.4 × 1.386 ≈ 6915 J
```

లాగ్ విలువను ఎన్ని అంకెల వరకు తీసుకున్నారన్న దాన్ని బట్టి 6914 రావచ్చు, 6916 రావచ్చు. 6.92 కిలోజౌళ్లు అని రాస్తే సరిపోతుంది.

ఎక్కువ తప్పులు దొర్లేది ఈ మెట్టు దగ్గరే. క్యాలిక్యులేటర్ వాడేవాళ్లు log బటన్ నొక్కి 2.303 మర్చిపోతారు. లేదా ln బటన్ నొక్కి, పైగా 2.303 కూడా వేస్తారు. log వేస్తే 2.303 ఉండాలి, ln వేస్తే ఉండకూడదు. ఏ బటన్ ఏదో అనుమానం ఉంటే అందులో 10 వేసి చూడండి. 1 వస్తే అది log, 2.303 వస్తే అది ln.

5. గుర్తు పెట్టండి

మైనస్సా, ప్లస్సా అన్న టెన్షన్ ఇక్కడ మొదలవుతుంది. మీరు రాసేది కెమిస్ట్రీ పేపరా, ఫిజిక్స్ పేపరా అన్నది ముందు చూసుకోండి.

కెమిస్ట్రీలో w అంటే వ్యవస్థ మీద బయటివాళ్లు చేసిన పని. మొదటి నియమాన్ని ΔU = q + w అని రాస్తారు. వాయువు వ్యాకోచిస్తే పని అదే చేస్తోంది, కాబట్టి w = -6.92 kJ.

ఫిజిక్స్‌లో W అంటే వ్యవస్థ బయటి వాటి మీద చేసిన పని. నియమాన్ని ΔQ = ΔU + ΔW అని రాస్తారు. అదే వ్యాకోచానికి W = +6.92 kJ.

రెండూ నిజమే. ఒక పద్ధతిలోని నియమానికి ఇంకో పద్ధతిలోని గుర్తు తగిలిస్తేనే గొడవ. పైగా ప్రశ్నలో "వాయువు చేసిన పని ఎంత?" అని మాటల్లో అడిగితే, కెమిస్ట్రీ పేపరైనా సరే "వాయువు 6.92 kJ పని చేసింది, w = -6.92 kJ" అని రెండూ రాయండి. దిద్దేవాళ్లకు మీరు ఏ అర్థంలో రాశారో తెలిసిపోతుంది.

6. వేడి తీయండి

ఆదర్శ వాయువు అంతరిక శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి ΔU = 0. కెమిస్ట్రీ నియమంలో పెడితే:

```
0 = q + (-6.92)
q = +6.92 kJ
```

ఫిజిక్స్ నియమంలో పెట్టినా Q = +6.92 kJ అనే వస్తుంది. పని గుర్తు సబ్జెక్టును బట్టి మారుతుంది, వేడి గుర్తు మారదు. ఇలాంటి వ్యాకోచంలో వేడి లోపలికే వస్తుంది కాబట్టి అది ప్లస్సే. మీకు మైనస్ వచ్చిందంటే ఐదో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

వేడి ఎందుకు కావాల్సి వచ్చింది

మొదటి ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. "ఉష్ణోగ్రత పెరగలేదంటే వేడి అందలేదన్నట్టే కదా" అనుకోవడం వల్లే చాలామంది q = 0 రాస్తున్నారు. ఇక్కడ ఉష్ణోగ్రత పడిపోకుండా ఆపుతున్నదే ఆ వేడి. వచ్చిన జీతం వచ్చినట్టే ఖర్చయిపోతే బ్యాంకులో నిల్వ మారదు, అంతమాత్రాన జీతం రాలేదని కాదు కదా.

వేడి రాకపోతే ఏమవుతుందో అంకెల్లో చూడండి. అదే 2 మోల్‌ల హీలియాన్ని వేడి చొరబడని గోడల మధ్య పెట్టి, 300 K నుంచి రివర్సిబుల్‌గా 5 లీటర్ల నుంచి 20 లీటర్లకు వ్యాకోచించనిచ్చామనుకోండి. పిస్టన్‌ను నెట్టడానికి కావాల్సిన శక్తి తన అంతరిక శక్తిలోంచే తీసుకోవాలి. అప్పుడు ఉష్ణోగ్రత సుమారు 119 K కి, అంటే -154°Cకి పడిపోతుంది. చేసే పని కూడా 4.5 కిలోజౌళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే చల్లబడే కొద్దీ పీడనం ఇంకా వేగంగా తగ్గిపోతుంది. q = 0 అన్నది ఈ అడియాబాటిక్ వ్యాకోచానికి రాయాల్సిన మాట. మన లెక్కలో ఉన్నది ΔU = 0. ఈ రెండు సున్నాలనూ ఒకదాని బదులు ఒకటి రాయడమే ఈ అధ్యాయంలో నేను ఎక్కువగా చూసే తప్పు.

మన సిలిండర్‌కు వేడి ఎక్కడి నుంచి వస్తుంది? చుట్టూ ఉన్న నీళ్ల నుంచి. రాగి లాంటి వేడిని బాగా పోనిచ్చే లోహంతో చేసిన సిలిండర్‌ను 27°C నీళ్లలో ముంచామనుకోండి. 6915 జౌళ్లు ఇచ్చాక 20 లీటర్ల బకెట్ నీళ్లు చల్లబడేది 0.08 డిగ్రీలు మాత్రమే. మామూలు థర్మామీటర్‌లో అది కనబడదు. అదే ఒక్క లీటర్ నీళ్లలో పెడితే 1.65 డిగ్రీలు పడిపోతాయి, అప్పుడు ఉష్ణోగ్రత స్థిరం అనలేం. పుస్తకాల్లో సిలిండర్ చుట్టూ పెద్ద నీటి తొట్టిని గీసేది అందుకే.

7. జవాబును రెండు హద్దుల మధ్య పెట్టి చూడండి

జవాబు వచ్చాక ఆగిపోకండి. ఈ చూసుకునే పద్ధతికి అర నిమిషం చాలు. వాయువు పీడనం P1 దగ్గర మొదలై P2 దాకా తగ్గుతుంది. మొత్తం దారంతా P1 దగ్గరే ఉండి ఉంటే వచ్చే పని పై హద్దు. మొత్తం దారంతా P2 దగ్గరే ఉండి ఉంటే వచ్చేది కింది హద్దు. అసలు జవాబు ఈ రెండింటి మధ్యే ఉండి తీరాలి.

1 లీటర్ బార్ అంటే సరిగ్గా 100 జౌళ్లు. కాబట్టి:

```
P1 = 4988.4 J / 5 L = 997.7 J/L = 9.98 bar
P2 = 4988.4 J / 20 L = 249.4 J/L = 2.49 bar
పై హద్దు   = 997.7 × 15 ≈ 14965 J
కింది హద్దు = 249.4 × 15 ≈ 3741 J
```

మన 6915 ఆ మధ్యలో ఉంది. ఇప్పుడు పైన చెప్పిన తప్పులు చేసి చూడండి. log వేసి 2.303 మర్చిపోతే 3003 జౌళ్లు వస్తుంది, కింది హద్దు దాటి కిందికి పోయింది. ln వేసి 2.303 కూడా వేస్తే దాదాపు 15920 వస్తుంది, పై హద్దు దాటేసింది. రెండూ దొరికిపోయాయి.

దీనికీ ఒక పరిమితి ఉంది. నిష్పత్తి 2, 3, 4 ఉన్నప్పుడు రెండు తప్పులూ పట్టుబడతాయి. నిష్పత్తి 10 ఉంటే హద్దులు మరీ దూరంగా జరిగిపోయి రెండూ తప్పించుకుంటాయి. అప్పుడు ఇంకో దారి ఉంది: 300 K దగ్గర 1 మోల్ వాయువు రెట్టింపైతే పని 1.73 kJ, పది రెట్లైతే 5.74 kJ. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు. మన లెక్కలో నాలుగు రెట్లు అంటే రెండుసార్లు రెట్టింపు, మోల్‌లు రెండు. 2 × 2 × 1.73 = 6.92 kJ. సరిపోయింది. సెల్సియస్ తప్పు హద్దుల పద్ధతికి దొరకదు, ఎందుకంటే హద్దులు కట్టేటప్పుడూ అదే తప్పు T వేస్తారు. ఈ పద్ధతికి మాత్రం వెంటనే దొరుకుతుంది.

ఆ హద్దులు ఊరికే వచ్చినవి కావు

కింది హద్దు 3741 జౌళ్లు అన్నది నిజంగా జరిగే ఒక వ్యాకోచానికి లెక్క. ఇసుకను రేణువు రేణువుగా తీయకుండా, బయటి పీడనం ఒక్కసారిగా 2.49 బార్‌కు పడిపోయేంత కుప్పను ఒకేసారి తీసేశామనుకోండి. పిస్టన్ ఎగిరి 20 లీటర్ల దగ్గర స్థిమితపడుతుంది. బయటి పీడనం ఇక్కడ స్థిరం, కాబట్టి ఫార్ములా:

```
w = -P_ext (V2 - V1)
```

వాయువు చేసిన పని 3741 జౌళ్లే. మొదలూ చివరా మాత్రం అవే: 5 లీటర్లు, 20 లీటర్లు, 300 K. ΔU ఇప్పుడూ సున్నాయే, కాబట్టి పీల్చుకున్న వేడి కూడా 3741 జౌళ్లే. రెండు దారుల్లోనూ వాయువు చేరింది ఒకే స్థితికి, కానీ వేడి, పని రెండూ దారిని బట్టి మారాయి.

ఇసుకను ఒక్కసారి కాకుండా రెండు విడతల్లో తీస్తే? ముందు 10 లీటర్ల దాకా, తర్వాత 20 దాకా. ఒక్కో విడతలో వచ్చేది nRTలో సగం, అంటే 2494 జౌళ్లు. మొత్తం 4988. ప్రతి విడతలో ఘనపరిమాణం ఒకే రెట్టు పెరిగేలా నాలుగు విడతలు చేస్తే 5844. ఎనిమిది చేస్తే 6349. వంద చేస్తే 6868. విడతలు పెరిగే కొద్దీ 6915 వైపు జరుగుతుంది తప్ప దాన్ని దాటదు. అందుకే "ఈ వ్యాకోచంలో గరిష్ఠ పని ఎంత?" అని అడిగితే రివర్సిబుల్ ఫార్ములానే వేయాలి. ప్రశ్నలో రివర్సిబుల్ అన్న మాట లేకపోయినా "గరిష్ఠ పని" అన్న మాట ఉంటే అర్థం అదే.

పై హద్దుకూ అర్థం ఉంది. 20 లీటర్ల వాయువును ఒకే విడతలో 9.98 బార్ బరువు వేసి తిరిగి 5 లీటర్లకు నొక్కితే మనం చేయాల్సిన పని 14965 జౌళ్లు. రివర్సిబుల్‌గా నొక్కితే 6915తో సరిపోతుంది. ఒక్క దెబ్బలో పైకి వదిలి, ఒక్క దెబ్బలో కిందికి నొక్కితే వాయువు మొదటి స్థితికే వస్తుంది. కానీ మనం పెట్టిన పని, తిరిగి పొందినదాని కంటే 11224 జౌళ్లు ఎక్కువ. అదంతా వేడిగా చుట్టూ ఉన్న నీళ్లలోకి పోయింది. రివర్సిబుల్ దారిలో రానూ పోనూ చేస్తే ఈ తేడా సున్నా.

శూన్యంలోకి వదిలితే

బయటి పీడనం సున్నా కాబట్టి నెట్టడానికి ఏమీ లేదు. w = 0. ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి ΔU = 0. అందువల్ల q = 0. ఇక్కడ మూడూ సున్నాలే. 1845లో జౌల్ చేసిన ప్రయోగం ఇదే: సుమారు 22 అట్మాస్ఫియర్ల దాకా కుక్కిన గాలిని నీళ్ల తొట్టిలో ముంచిన ఖాళీ పాత్రలోకి వదిలాడు, నీళ్ల ఉష్ణోగ్రతలో అతనికి మార్పు కనబడలేదు. నిజమైన గాలిలో చాలా చిన్న మార్పు ఉంటుంది, కానీ అన్ని నీళ్ల మధ్య అది అతని థర్మామీటర్‌కు అందలేదు. ఆదర్శ వాయువుకు మాత్రం ఆ మార్పు కచ్చితంగా సున్నా.

నిజమైన వాయువు విషయంలో మన ఆరో మెట్టు బలహీనపడేది ఇందువల్లే. అణువుల మధ్య ఆకర్షణ ఉంటే, ఉష్ణోగ్రత మారకపోయినా వ్యాకోచంలో అంతరిక శక్తి కొంచెం మారుతుంది, q కీ w కీ మధ్య చిన్న తేడా వస్తుంది. తక్కువ పీడనంలో ఉన్న హీలియానికి దీన్ని వదిలేయొచ్చు. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ లాంటివి ఎక్కువ పీడనంలో ఉంటే వదిలేయకూడదు.

ఈ సందర్భంలో వచ్చే ఇంకో అనుమానానికి కూడా జవాబు చెప్పి ముందుకు వెళ్తాను. "పీల్చుకున్న వేడి మొత్తం పనిగా మారిపోయింది, మరి రెండో నియమం ఏమైంది?" అని శ్రద్ధగా చదివేవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. వేడిని పూర్తిగా పనిగా మార్చడం ఒక్కటే ఫలితంగా ఉండి, ఇంకే మార్పూ మిగలకూడదు అన్నదాన్నే రెండో నియమం ఒప్పుకోదు. ఇక్కడ మార్పు మిగిలింది: వాయువు 5 లీటర్ల నుంచి 20 లీటర్లకు వెళ్లిపోయింది. దాని ఎంట్రోపీ 6915/300, అంటే 23.05 J/K పెరిగింది. మళ్లీ పని చేయించాలంటే ముందు దాన్ని వెనక్కి నొక్కాలి.

తలకిందులుగా అడిగితే

"8 గ్రాముల హీలియం 27°C దగ్గర 5 లీటర్ల నుంచి రివర్సిబుల్‌గా, ఉష్ణోగ్రత మారకుండా వ్యాకోచిస్తూ 3458 జౌళ్ల వేడి పీల్చుకుంది. చివరి ఘనపరిమాణం ఎంత?" ఇలా కూడా ఇస్తారు. మెట్లు అవే, వెనక నుంచి ఎక్కాలి.

```
log(V2/V1) = q / (2.303 nRT)
           = 3458 / (2.303 × 4988.4)
           = 3458 / 11488 = 0.3010
V2/V1 = 2,  V2 = 10 L
```

0.3010 కనబడగానే 2 అని గుర్తుపట్టాలి. చివర్లో చాలామంది నిష్పత్తినే జవాబుగా రాసేసి 5తో గుణించడం మర్చిపోతారు. ఇంకో విషయం గమనించండి: ఇది పూర్తి వ్యాకోచానికి పట్టిన వేడిలో సరిగ్గా సగం. 5 నుంచి 10కి వెళ్లడానికి ఎంత వేడి కావాలో, 10 నుంచి 20కి వెళ్లడానికీ అంతే కావాలి. మొదటిదానిలో పెరిగింది 5 లీటర్లు, రెండోదానిలో పెరిగింది 10 లీటర్లు, అయినా పని ఒకటే, ఎందుకంటే రెండో భాగంలో పీడనం సగమే ఉంది.

మీరు చేయాల్సినది

1 మోల్ ఆదర్శ వాయువు 25°C దగ్గర, ఉష్ణోగ్రత మారకుండా, రివర్సిబుల్‌గా 10 అట్మాస్ఫియర్ల నుంచి 1 అట్మాస్ఫియర్‌కు వ్యాకోచించింది. కెమిస్ట్రీ పద్ధతిలో w, q ఎంత? ముందు చేసి, తర్వాత కిందికి చూడండి.

రావాల్సినవి w = -5706 J, q = +5706 J. వేరే అంకె వస్తే ఎక్కడ జారారో ఇలా పట్టుకోండి:

- 2478 వస్తే 2.303 మర్చిపోయారు. ఇక్కడ నిష్పత్తి 10 కాబట్టి హద్దుల పద్ధతి దీన్ని పట్టుకోలేదు, కానీ పది రెట్లకు 5.74 అన్న అంకె పట్టుకుంటుంది.
- 479 వస్తే 25ను కెల్విన్‌గా మార్చలేదు.
- అంకె సరిగ్గా ఉండి w ప్లస్, q మైనస్ వస్తే పీడనాల నిష్పత్తిని V2/V1 లాగా P2/P1 అని వేశారు.
- 2230 వస్తే 1 అట్మాస్ఫియర్ స్థిర పీడనం మీద ఒకే విడతలో వ్యాకోచించినట్టు కట్టారు.
- 56.3 వస్తే తప్పేమీ కాదు. అది లీటర్ అట్మాస్ఫియర్లలో ఉంది, 101.3తో గుణిస్తే జౌళ్లు వస్తాయి.
- 1372 వస్తే R విలువ 2 వేసి క్యాలరీల్లో కట్టారు. 4.184తో గుణిస్తే 5740 దగ్గరకు వస్తుంది. ఆ కొద్ది తేడా R ను 1.987కు బదులు 2 అనుకోవడం వల్ల వచ్చింది. ఆప్షన్లు క్యాలరీల్లో ఉంటే మాత్రం దగ్గరగా ఉన్నదాన్ని పెట్టేయండి.